రెండు ఫారం-16లు, ఒకటే ఆదాయం

నేను జీతగాళ్ల రిటర్నులు రాసే పనిలో ఉన్నాను. జూలైలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి, రెండు ఫారం-16లూ సున్నా కోత చూపించే ఫైళ్లు. తెచ్చినవాళ్లు నిశ్చింతగా ఉంటారు. కట్టాల్సిన మొత్తం చెప్పగానే వాళ్ల ముఖం మారిపోతుంది. అందుకే ఈసారి డిసెంబరులోనే ఒక అమ్మాయి పే స్లిప్పులు పట్టుకుని వస్తే నాకెంతో సంతోషమైంది.

అంకెలు గుండ్రం చేసి ఆమె లెక్క చెబుతాను. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక కంపెనీలో నెలకు 90 వేలు. అక్టోబరు నుంచి ఇంకో కంపెనీలో నెలకు లక్షా 40 వేలు. కొత్త పన్ను విధానమే. "సార్, రెండు చోట్లా పన్ను పట్టలేదు. 12 లక్షల 75 వేల దాకా లేదన్నారు కదా!" అంది.

పాత కంపెనీ తప్పేమీ చేయలేదు. ఆమె ఏడాదంతా అక్కడే ఉంటుందనుకుని 10 లక్షల 80 వేలు వేసుకుంది. అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 12 లక్షల లోపే. రిబేటు వర్తించి పన్ను పోయింది. కొత్త కంపెనీకి తెలిసింది ఆరు నెలల జీతం, 8 లక్షల 40 వేలు. అక్కడా మళ్లీ 75 వేలు తీసేశారు, మళ్లీ రిబేటు ఇచ్చారు. ఏడాదికి ఒక్కసారే దక్కేవి రెండు చోట్లా వాడేసుకున్నట్టయింది.

అసలు ఆదాయం కలిపి చూస్తే 5 లక్షల 40 వేలు, 8 లక్షల 40 వేలు, మొత్తం 13 లక్షల 80 వేలు. 75 వేలు పోగా 13 లక్షల 5 వేలు. పన్నెండు లక్షలు దాటింది కనుక రిబేటు లేదు. మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకు 20 వేలు, ఆపై 4 లక్షలకు 40 వేలు, మిగిలిన లక్షా 5 వేలకు 15 శాతం చొప్పున 15,750. 4 శాతం సెస్ కలిపితే 78,780 రూపాయలు. జూలైలో రిటర్ను వేసేటప్పుడు కట్టుకుందాంలే అనుకుంటే ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ మరో ఏడు వేలు దాటుతుంది.

దీనికి మందు ఫారం 12బి. పాత యజమాని పేరు, చిరునామా, టాన్ నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారు, ఎంత జీతం, పీఎఫ్ ఎంత, టీడీఎస్ ఎంత పట్టారు అన్నవి అందులో రాసి కొత్త కంపెనీ పేరోల్ వాళ్లకు ఇవ్వాలి. ఇస్తే వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుని తీరాలి. ఇవ్వకపోతే వాళ్లంతట వాళ్లు వెతుక్కోరు. పాత కంపెనీ ఫారం-16 వచ్చేది ఏడాది ముగిశాక జూన్‌లో, కాబట్టి దానికోసం ఆగకూడదు. పే స్లిప్పులు చాలు. అక్టోబరులోనే ఇచ్చి ఉంటే నెలకు 13,130 చొప్పున పట్టేవారు. డిసెంబరు జీతానికి ముందు ఇస్తే మిగిలిన నాలుగు నెలల్లో 19,695 చొప్పున పడుతుంది.

ఇచ్చి ఊరుకోకూడదు. పేరోల్ పోర్టల్‌లో ట్యాక్స్ లెక్కల పట్టిక తీసి, పాత యజమాని ఆదాయం అన్న వరుసలో 5 లక్షల 40 వేలు కనబడుతోందా, స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే ఉందా అని చూసుకోవాలి. ఆ వరుస ఖాళీగా ఉంటే మీ కాగితం ఎక్కడో ఆగిపోయినట్టే.

ఆ అమ్మాయి కాసేపు తటపటాయించి, "పాత జీతం వీళ్లకు తెలియడం ఇష్టం లేదు సార్" అంది. ఇది నేను చాలామంది దగ్గర విన్న మాట, కొట్టిపారేయదగ్గది కాదు. ఫారం 12బి ఇవ్వాలా వద్దా అన్నది ఉద్యోగి ఇష్టమే. ఇవ్వనివాళ్లు పన్ను తామే లెక్కగట్టి ఆదాయపు పన్ను పోర్టల్‌లో ముందస్తు పన్నుగా కట్టేయవచ్చు. డిసెంబరు 15లోగా మొత్తంలో 75 శాతం, మార్చి 15లోగా మిగతాది. జూన్, సెప్టెంబరు వాయిదాలు దాటిపోయినందుకు కొద్దిపాటి వడ్డీ పడుతుంది, అంతే. ఆమె చివరికి ఫారం ఇవ్వడానికే ఒప్పుకుంది.

ఇంకో సంగతి అడిగాను, పాత కంపెనీ నుంచి ఫైనల్ సెటిల్‌మెంట్ వచ్చిందా అని. రాలేదట. వాడని సెలవుల డబ్బు, బోనసు అందులో రావాల్సి ఉన్నాయి. అవి వచ్చిన నెలలో ఆ పత్రం చూసి పన్ను పడేవి ఎంతో తేల్చుకుని, 12బి సవరించి మళ్లీ ఇవ్వమన్నాను, మార్చి జీతాల లెక్క మూసేలోగా.