అరిగిన చోటే ఆనవాలు

నరసరావుపేట, గురజాల, మాచర్ల పల్లెల్లో పాత ఇల్లు విప్పినప్పుడల్లా దొడ్డిగోడ వారకు కొన్ని రాళ్లు చేరతాయి. ఒకటి గుండ్రంగా ఉండి నడుమ తూటు ఉంటుంది. ఒకదానికి లోతైన గుంట. ఇంకొకటి బల్లపరుపుగా ఉండి నడుమ కొద్దిగా పల్లం తేలి ఉంటుంది. పెద్దవాళ్లుంటే చూడగానే పేర్లు చెప్పేస్తారు. వాళ్లు లేని ఇంట్లో పేరు పట్టుకోవడానికి మిగిలిన దారి ఒకటే: ఆ రాయి ఎక్కడ అరిగిందో, ఎందుకు అక్కడే అరిగిందో చూడటం.

ముందు రాయి జాతి చూడాలి. పల్నాడు నాపరాళ్ల సీమ. నేల పరుపుకూ, మెట్లకూ, అరుగులకూ ఆ బండలే. కానీ నూరే పనికి నాపరాయి పనికిరాదు. అది సున్నపురాయి జాతి, మెత్తన. గింజతో పాటు తానూ అరిగి పిండిలో కలుస్తుంది. చింతపండు పులుపు తగిలితే దాని పైపొర కరుగుతుంది కూడా. అనుమానం ఉంటే శుభ్రం చేసిన చోట నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే చాలు. సున్నపురాయైతే సన్నగా నురగ కడుతుంది. అందుకే నాపబండల మధ్య బతికిన ఇల్లాలికి కూడా పచ్చడి నూరడానికి గట్టి నల్లరాయి రోలే కావలసి వచ్చింది.

ఈ రాళ్ల పనులు తెలియాలంటే జొన్నగింజ వెంట నడవాలి. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్లు రాకముందు ఇది మెట్ట సీమ, జొన్నే ఇక్కడి కూడు. శ్రీనాథుడి పేరున వినిపించే చాటువుల్లో సైతం పల్నాడు అనగానే జొన్నకూడే గుర్తొస్తుంది.

జొన్నలకు కాసిని నీళ్లు చిలకరించి, పైపొట్టు మెత్తబడ్డాక రోట్లో పోసి రోకలితో దంపేవారు. నీళ్లు ఎక్కువైతే గింజ ముద్ద కడుతుంది, తక్కువైతే పొట్టు వదలక గింజే చితుకుతుంది. ఆ తడి అందాజు చేతికి అలవాటు కావాల్సిందే. రోకలి కొసకు తొడిగిన ఇనుప కట్టును పొన్ను అంటారు. కర్ర పగలకుండా కాపాడేదీ, దెబ్బకు బరువిచ్చేదీ అదే. రోకలి దెబ్బ ఎప్పుడూ పైనుంచి నిలువుగా పడుతుంది కనుక ఈ రోటి గుంట అడుగునే ఎక్కువ అరుగుతుంది. గారెలపిండి రుబ్బే రుబ్బురోలు అలా కాదు. అందులో పొత్రం గుండ్రంగా తిరుగుతుంది. ఒక చెయ్యి పొత్రాన్ని తిప్పుతుంటే, రెండో చెయ్యి అంచుకు ఎక్కిన పిండిని లోపలికి తోస్తుంటుంది. కాబట్టి దాని గుంట పక్కలు చుట్టూ ఒకే తీరుగా నున్నబడతాయి. గుంటలో చెయ్యి పెట్టి తడిమితే ఈ తేడా తెలిసిపోతుంది.

దంచిన జొన్నలను చెరిగి, పొట్టు పోయాక తిరగలికి ఎత్తుతారు. దీన్నే ఇసుర్రాయి అని కూడా అంటారు. కింది రాయి కదలదు. దాని నడుమ ఒక మేకు నిలబడి ఉంటుంది. పై రాయి ఆ మేకు చుట్టూ తిరుగుతుంది, అంచున దిగేసిన కర్రపిడి పట్టుకుని తిప్పుతారు. నడిమి తూటులో పోసిన గింజ రెండు రాళ్ల మధ్య నలుగుతూ అంచు వైపు జరిగి చుట్టూ పిండిగా రాలుతుంది. పిండి మెత్తదనం పోసే చేతిలోనే ఉంటుంది. కొద్దికొద్దిగా పోస్తే మెత్తని పిండి, ఒక్కసారిగా గుప్పెళ్లు పోస్తే రవ్వ. సంకటికి రెండూ కావాలి. ఎసట్లో ముందు రవ్వ ఉడికించి, పైన పిండి వేసి తెడ్డుతో గెలికితే ముద్ద కడుతుంది.

అదే తిరగలిలో కందులూ పప్పయ్యేవి. వాటిని తడిపి ఎర్రమట్టి పట్టించి, ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టేవారు. తడిసి ఉబ్బిన గింజ ఎండకు ముడుచుకునేసరికి పొట్టు పట్టు వదులుతుంది. ఇక్కడ పిండి కాకూడదు, రెండు బద్దలు కావాలి. అందుకని మేకు మొదట గుడ్డపేలిక చుట్టి పై రాయిని కాస్త ఎత్తి, రెండు రాళ్ల నడుమ సందు ఇస్తే సరిపోతుంది. సందు చాలకపోతే నూక ఎక్కువవుతుంది, మరీ ఎక్కువైతే కందులు కందులుగానే బయటికొస్తాయి.

తిరగలి బండబారితే గింజ నలగక చదునుగా వస్తుంది, పిండి చేతికి వేడిగా తగులుతుంది. అప్పుడు కక్కు కొట్టించాలి. రాళ్లు కొట్టే పనివాళ్లు ఉలి, సుత్తితో రాతి ముఖం మీద సన్నని గంట్లు పెడతారు. గింజను కోసేవి ఆ గంట్ల అంచులే. రాతి బరువు వాటికి తోడవుతుంది. కక్కు కొట్టిన వెంటనే తినే గింజ వేయకూడదు. ముందు కాసిని నూకలు విసిరి పారబోస్తే రాతిపొడి వాటితో పోతుంది. దొడ్లో దొరికిన రాయికి లోపలి ముఖాన గంట్లు ఇంకా గరుకుగా ఉంటే, దాన్ని చివరిదాకా వాడారన్నమాట. మూడో రాయి, ఆ బల్లపరుపుది, సన్నికల్లు. అల్లం, ధనియాలు, కొబ్బరి నూరేది దాని మీదే. ఈనాటి పిల్లలు దాన్ని పెళ్లిలో తొక్కించేటప్పుడే చూస్తున్నారు.

దీపాలను కూడా ఆకారంతోనే గుర్తుపట్టొచ్చు. ఆముదం చిక్కనిది, వత్తి వెంట ఎక్కువ ఎత్తు పాకలేదు. అందుకని ఆముదం దీపం నోరు తెరిచి, లోతు లేకుండా ఉంటుంది. వత్తి నూనెను ఆనుకునే వెలగాలి. నూనె తగ్గితే మంట కుంగుతుంది, అప్పుడు ప్రమిదలో మళ్లీ పోయాలి. కిరసనాయిలు పలచన. వత్తిలో చాలా ఎత్తుకు ఎక్కుతుంది, పైగా తెరిచి ఉంచితే ఒక్కసారిగా అంటుకుంటుంది. అందుకే బుడ్డికి మూత, మూత నుంచి సన్నని గొట్టం. గోడలో దీపపు గూడు పైభాగం మసిబారి ఉంటే ఆ ఇంట దీపం ఎక్కడ వెలిగిందో తెలిసినట్టే.

ఇక ఇత్తడి. బిందె, చెంబు, గంగాళం బయటికి ఒకే రంగు. చూడాల్సింది లోపలే. నీళ్లకు వాడినవి లోపల కూడా పసుపుపచ్చగా ఉండొచ్చు. పులుసు కాచే గిన్నెలో మాత్రం తెల్లని పూత ఉండి తీరాలి. అది కళాయి, అంటే తగరపు పూత. గిన్నెను బొగ్గుల మీద బాగా కాల్చి, నవసాగరం చల్లి మసిని వదిలించి, తగరం ముక్కను లోపల రాస్తారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, కరగ్గానే దూదితో చుట్టూ పట్టిస్తారు. ఈ సంగతి తెలిస్తే కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యిమీద ఎందుకు పెట్టకూడదో కూడా తెలుస్తుంది: పూత కరిగి చెరిగిపోతుంది. తెలుపు మధ్య పచ్చని మచ్చలు కనబడితే మళ్లీ కళాయి వేయించే వేళ అయింది. ఆ మచ్చల మీద చింతపులుసు, మజ్జిగ నిలవుంటే చిలుము దిగుతుంది. నోటికి కనరు తగిలి, కడుపులో తిప్పుతుంది. పూతలో సీసం కలిసిందేమోనన్న అనుమానం ఉంటే, ఆ గిన్నె వంటకు పెట్టొద్దు.

పాత ఇల్లు విప్పేవాళ్లకు ఒక్క మనవి. ఇత్తడిని తూకానికి, రాళ్లను పునాదికి పంపే ముందు ఒక్కో వస్తువును అరిగిన వైపు కనబడేలా ఫోటో తీయండి. ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి దాని పేరు, అందులో ఏ గింజ వేసేవారు, ఎవరు కక్కు కొట్టేవారు అని అడిగి, ఊరి పేరుతో సహా ఆ ఫోటో వెనకే రాసి పెట్టండి.