పది బాక్సులా, పన్నెండా?

ఈ వారం మా మేనల్లుడు రెండు చీటీలు తెచ్చి నా ముందు పెట్టాడు. పాత ఇంట్లో ఒక పడకగదికి టైల్స్ వేయించాలని రెండు దుకాణాల్లో లెక్క రాయించుకున్నాడు. గది 11 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు. టైలు ఒకటే రకం, 2 బై 2. ఒక చీటీలో 10 బాక్సులు, రెండో దాంట్లో 12. రెండింట్లోనూ ‘వేస్టేజీ 10 శాతం’ అని ఉంది. "మామయ్యా, శాతం ఒకటే అయినప్పుడు రెండు బాక్సుల తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు శాతాలతో నా పేచీ కొత్త కాదు. తరుగు శాతం, మజూరీ శాతం, కమీషన్ శాతం, దేన్నీ నేను తేలిగ్గా వదల్లేదు. ఇదీ వదలబుద్ధి కాలేదు.

మొదటి దుకాణం లెక్క ఇది. గది 143 చదరపు అడుగులు. టైలు 2 బై 2 కాబట్టి నాలుగు చదరపు అడుగులు, బాక్సులో నాలుగు టైల్స్ కాబట్టి బాక్సుకు 16. తొమ్మిదికి కాస్త తక్కువ వచ్చింది, పది శాతం కలిపి 10 బాక్సులన్నారు. కానీ ఆ టైలు నిజంగా రెండడుగులు ఉండదు. అది 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలు. బాక్సు పక్కన అచ్చువేసి ఉంటుంది చూడండి: 1.44 చదరపు మీటర్లు. అడుగుల్లో అది 15.5. బాక్సుకు అర చదరపు అడుగు లేనిదాన్ని ఉన్నట్టు లెక్కేశారు. గోడల అడుగున నాలుగంగుళాల ఎత్తున వేసే స్కర్టింగ్‌నైతే అసలు లెక్కలోకే తీసుకోలేదు.

రెండో దుకాణంవాళ్లు జాగ్రత్తపరులు. చుట్టుకొలత 48 అడుగుల్లో గుమ్మానికి మూడు తీసేసి, 45 అడుగుల స్కర్టింగ్‌కు 15 చదరపు అడుగులు కలిపారు. మొత్తం 158. పది శాతం వేసి, 15.5తో భాగిస్తే 11.2 వచ్చింది. సగం బాక్సు అమ్మరు కాబట్టి 12.

చీటీలు పక్కన పెట్టి కాగితం మీద గది గీశాం. చిన్నప్పుడు కర్నూలు జిల్లాలో అమ్మమ్మగారింట్లో బేతంచర్ల బండలు పరిచిన మేస్త్రీ చేసిన పని కూడా అదే, కాకపోతే ఆయనకు కాగితం అక్కర్లేదు. బండలు తెప్పించక ముందే నమూనాగా తెచ్చిన కొన్నింటితో, సున్నమూ సిమెంటూ ఏమీ లేకుండా, గోడ నుంచి గోడ దాకా ఒక వరస పొడవునా ఒక వరస అడ్డంగా పేర్చి చూశాడు. చివర ఎంత మిగిలిందో పుల్లతో కొలిచి, ఆ పుల్ల మీద గాటు పెట్టుకున్నాడు. ఆ ముక్క సగానికి మించితే ఒక్కో ముక్కకూ ఒక్కో బండ పోతుంది, సగానికి తక్కువైతే ఒక బండలో రెండు ముక్కలొస్తాయి అని తాతయ్యకు చెప్పాడు. ఎన్ని బండలు కావాలో ఆ తర్వాతే చెప్పాడు. తాతయ్య సరిగ్గా అన్నే తెప్పించారు. ఏళ్ల తర్వాత వంటింట్లో రోలు పడి ఒక బండ పగిలితే మళ్లీ బేతంచర్ల బండే తెచ్చి వేశారు. పక్కవాటికీ దీనికీ రంగులో కాస్త తేడా ఉండేది, కానీ ఆ నేలలో ఏ రెండు బండలూ ఒక్క రంగు కావు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

ఆ మేస్త్రీ పద్ధతినే మేనల్లుడి గదికి పెట్టాం. రెండు టైల్స్ మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది కాబట్టి ఒక్కో టైలుకు 602 చొప్పున పోతుంది. 11 అడుగులంటే 3,353 మిల్లీమీటర్లు. ఐదు నిండు టైల్స్ పోగా 343 మిగిలింది. 13 అడుగులంటే 3,962. ఆరు నిండు టైల్స్ పోగా 350 మిగిలింది. రెండు వైపులా మిగిలింది సగానికి ఎక్కువే. కాబట్టి ప్రతి అంచు ముక్కకూ కొత్త టైలు కోయాలి. అంటే అడ్డంగా ఆరు, పొడవునా ఏడు, మొత్తం 42 టైల్స్. విస్తీర్ణం ప్రకారం 37 చాలు. వేస్టేజీ పది శాతం కాదు, 14 శాతానికి దగ్గరగా ఉంది.

ఇదే గది వెడల్పు ఆరంగుళాలు తగ్గి పదిన్నర అడుగులైతే చూడండి. అటువైపు మిగిలేది 190 మిల్లీమీటర్లు. ఒక టైలులో అలాంటి ముక్కలు మూడొస్తాయి. గది మొత్తానికి 37 టైల్స్ చాలు, వేస్టేజీ ఐదు శాతమే. ఆరంగుళాలకు ఐదు టైల్స్ తేడా. వేస్టేజీని నిర్ణయించేది గోడకూ చివరి నిండు టైలుకూ మధ్య మిగిలిన ఖాళీ. గది కొలతలు మారితే అదీ మారుతుంది, ఏ గదికైనా పదేనంటే ఎలా?

మళ్లీ మన 42కి వద్దాం. కోసిన 12 టైల్స్‌లో ఒక్కోదానికి 250 మిల్లీమీటర్ల వెడల్పున పట్టీ మిగులుతుంది. దాన్ని 100 చొప్పున కోస్తే రెండు స్కర్టింగ్ ముక్కలు. మొత్తం 24. కావలసినవి 23. స్కర్టింగ్‌కు వేరే టైల్స్ అక్కర్లేదు. అయితే ఆ రెండు ముక్కల్లో ఒకదానికే ఫ్యాక్టరీ అంచు ఉంటుంది, రెండోదాని అంచును మేస్త్రీ గ్రైండర్‌తో నున్నగా తీయాలి. ఆ పని చేస్తాడో లేదో ముందే అడిగి, కూలీ మాట్లాడుకోండి. చేయనంటే ఈ లెక్క నిలవదు.

42 టైల్స్ అంటే పదిన్నర బాక్సులు, కొనేది 11. కోతలో పగలడానికి రెండు టైల్స్ చేతిలో ఉంటాయి. మొదటి చీటీ నమ్మి 10 బాక్సులు తెస్తే 40 టైల్స్, రెండు తక్కువై పని మధ్యలో ఆగేది.

డబ్బు సంగతి. దుకాణంలో టైలు ధర అడిగితే చదరపు అడుగు 50 రూపాయలన్నారు. దాన్ని 16తో గుణించి బాక్సు 800 అన్నారు. పైన జీఎస్టీ 18 శాతం కలిస్తే 944. 11 బాక్సులకు 10,384 రూపాయలు. దాన్ని గది విస్తీర్ణంతో భాగిస్తే అడుగుకు దాదాపు 73 రూపాయలు పడింది. సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలీ, బండి కిరాయి ఇందులో లేవు. రెండు టైల్స్ పోల్చేటప్పుడు బోర్డు మీది ధరలు కాదు, ఇలా వచ్చిన అంకెలు పోల్చాలి.

లెక్క ఇక్కడికి తెగింది, 11 చాలని రాసివ్వబోయాను. పగిలిన వంటింటి బండ గుర్తొచ్చి ఆగాను. తాతయ్యకు బేతంచర్ల ఎప్పుడూ ఉండేది. టైలుకు అలాంటి గని లేదు. ఒక డిజైన్ కొన్నాళ్లు వస్తుంది, తర్వాత ఆపేస్తారు. వచ్చినా బాక్సు మీది షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు మారతాయి. బ్యాచ్ మారితే రంగే కాదు, కొలతలోనూ మిల్లీమీటరు అటూ ఇటూ కావచ్చు. రెండు మిల్లీమీటర్ల సందులో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రేపు నేల కింది పైపు లీకైనా, బరువైనదేదో పడి టైలు పగిలినా అదే షేడ్ ముక్క ఇంట్లో ఉండాల్సిందే.

అందుకని మేనల్లుడికి 12 బాక్సులే తెమ్మన్నాను, ఖర్చు 11,328. సంఖ్య రెండో చీటీదే అయినా ఆ పన్నెండో బాక్సు వేస్టేజీ కింద కాదు, రిపేరు కోసం. మిగిలిన సీలు బాక్సును వెనక్కి తీసుకుంటామని దుకాణంవాళ్లు అన్నా ఇవ్వొద్దన్నాను. మీరూ కొనే ముందు అన్ని బాక్సుల మీదా షేడ్ నంబరు ఒకటేనా అని చూడండి. ఆ నంబరును బిల్లు మీద రాయించుకోండి.