ఒకే సీన్‌లో రెండు నవ్వులు

2016లో వచ్చిన డిస్నీ యానిమేషన్ సినిమా ‘జూటోపియా’లో కుందేలు పోలీసు జూడీకి ఉన్న గడువు 48 గంటలే. ఆలోగా తప్పిపోయిన నీటికుక్క ఆచూకీ తేల్చకపోతే ఉద్యోగం పోతుంది. ఒక కారు నంబరు ఎవరిదో కనుక్కోవడానికి నక్క నిక్‌ను వెంటబెట్టుకుని వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ ప్రతి కౌంటర్లోనూ స్లాతే. మాటకీ మాటకీ మధ్య ఆవులింత తీసేంత వ్యవధి ఇచ్చే జంతువది.

ఆర్టీఓ ఆఫీసు గడప తొక్కిన పెద్దలకు ఇక ఏమీ చెప్పనక్కర్లేదు. పిల్లలకు ఆ అనుభవం లేదు, అవసరమూ లేదు. ఒకరికి తొందర, ఇంకొకరికి నిదానం అన్న సంగతి వాళ్లకు తెలుసు. స్లాత్ వాక్యాన్ని జూడీ ఆత్రంగా పూర్తి చేయబోయి ప్రతిసారీ తప్పులో కాలేస్తుంటే నవ్వు దానంతటదే వస్తుంది.

అసలు నేర్పు ఆ తర్వాత కనిపిస్తుంది. పని మధ్యలో నిక్ కావాలనే ఒక జోకు వేస్తాడు: మూడు మూపురాల ఒంటెను ఏమంటారు? జవాబు, కడుపుతో ఉందంటారు. అయిదేళ్ల పిల్లకు ఇది అందకపోవచ్చు. కానీ దర్శకులు బైరన్ హోవార్డ్, రిచ్ మూర్ నవ్వును జోకులో పెట్టలేదు, స్లాత్ గుమాస్తా ఫ్లాష్ ముఖంలో పెట్టారు. జోకు విన్నాక అతని పెదవులు మెల్లమెల్లగా విచ్చుకుంటాయి. నవ్వడం పూర్తయ్యాక పక్క కౌంటరామె వైపు తిరిగి అదే జోకు మొదటినుంచి మొదలుపెడతాడు. జూడీ గిలగిల్లాడిపోతుంది. పగలు లోపలికి వెళ్లినవాళ్లు బయటికొచ్చేసరికి చీకటి పడుతుంది. అర్థంకాని మాట పిల్లలకు అడ్డుపడదు, ఎందుకంటే అది ఆలస్యానికి సాకు మాత్రమే.

ఇదే సినిమాలో మాఫియా పెద్ద మిస్టర్ బిగ్ వచ్చే తీరూ అంతే. ఒకదాన్ని మించి ఒకటి ధ్రువపు ఎలుగుబంట్లు వస్తుంటాయి. చివరికి అన్నిటికన్నా పెద్దది తన చేతిలోని బుల్లి కుర్చీని చూపిస్తుంది. అందులో కూర్చున్న చుంచెలుకే యజమాని! కూతురి పెళ్లిరోజు చూసి, బొంగురు గొంతు విని పెద్దలు 1972 నాటి ‘గాడ్‌ఫాదర్’ను గుర్తుపడతారు. పిల్లలు సైజు చూసి నవ్వుతారు.

ఇలాంటి సీన్ కుదిరిందో లేదో చూసే పరీక్ష సులువు. పెద్దలకు మాత్రమే తెలిసినదాన్ని తీసేసి చూడండి. సీన్‌లో ఏం జరుగుతోందో, ఎవరికేం కావాలో ఇంకా తెలుస్తుంటే పెద్దల కోసం వేసిన రెండో పొర సరిగ్గా పడినట్టు. పేరడీ కోసం కథ ఆగితే మాత్రం పిల్లలు తెర వదిలి పక్కవాళ్ల ముఖం చూస్తారు.

ఈ రెండో పొరను గొంతు కూడా మోయగలదు. 2019 ‘లయన్ కింగ్’ తెలుగు డబ్బింగులో పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతిచ్చారు. పిల్లలకు వినిపించేవి అడవిపంది, ముంగిస. పెద్దలకు వాటితోపాటు ఏళ్లతరబడి చూసిన హాస్యనటుల జోడీ కూడా వినిపిస్తుంది. ఇందుకోసం కథలో ఒక్క క్షణం కూడా అదనంగా ఖర్చు కాలేదు.