‘లో’ ఎక్కడుందో చూడండి

పోయిన నెల జనగామలో సర్వేకు వెళ్లే పిల్లలకు రెండు రోజుల శిక్షణ ఇచ్చాం. మొదటి రోజు మధ్యాహ్నం బోర్డు మీద ఒక చిన్న పట్టిక రాసి, చెరో నలుగురు ఉన్న రెండు జట్లకు ఒకటే ప్రశ్న వేశాను: కట్టెల పొయ్యి సమస్య ఏ జిల్లాలో ఎక్కువ? అందులోని అంకెలు నిజమైనవి కావు. లెక్క సులువుగా పడాలని నేనే కట్టుకున్నవి, ఎన్నేళ్లుగానో శిక్షణలో ఇవే వాడుతున్నాను.

| జిల్లా | కట్టెల పొయ్యి | గ్యాస్ | మొత్తం ఇళ్లు |
|---|---|---|---|
| జనగామ | 100 | 300 | 400 |
| మహబూబాబాద్ | 200 | 300 | 500 |
| భూపాలపల్లి | 100 | 100 | 200 |
| మొత్తం | 400 | 700 | 1100 |

పావుగంటలో రెండు జట్లూ జవాబు తెచ్చాయి. ఒక జట్టు మహబూబాబాద్ అంది, రెండో జట్టు భూపాలపల్లి అంది. ఇద్దరూ రుజువుగా చూపిన అంకె మాత్రం ఒకటే, 50 శాతం. డోర్నకల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి అడిగింది: “సార్, మేము యాభై మహబూబాబాద్‌ది అని రాసినం, వాళ్లు భూపాలపల్లిది అని రాసిండ్రు. ఎవరిది తప్పు సార్?”

“ఎవరిదీ తప్పు కాదమ్మా. మీరు నిలువుగా చదివారు, వాళ్లు అడ్డంగా చదివారు.”

నిలువుగా చదవడం అంటే కట్టెల పొయ్యి వరుసను పైనుంచి కిందికి చూడటం. ఆ 400 ఇళ్లను వంద అనుకుంటే జనగామవి 25, మహబూబాబాద్‌వి 50, భూపాలపల్లివి 25. అడ్డంగా చదివితే ప్రతి జిల్లా తనకు తానే ఒక వంద అవుతుంది. జనగామ 400 ఇళ్లలో 100, అంటే 25 శాతం. మహబూబాబాద్ 500లో 200, అంటే 40. భూపాలపల్లి 200లో 100, అంటే 50. జనగామకు ఎటు చదివినా 25 రావడం యాదృచ్ఛికం కాదు, కావాలనే అలా కట్టాను. అక్కడ రెండు చదువులూ ఒకటే అంకె చూపిస్తాయి కాబట్టి, మొదట జనగామను సరిచూసుకున్నవాడు ఇక అంతా సరిగ్గానే ఉందనుకుని ముందుకు పోతాడు. నిజమైన పట్టికల్లోనూ తప్పు దాక్కునేది సరిగ్గా అలాంటి గడిలోనే.

కొత్త పొయ్యిలు పంచాలి, లారీలో ఎన్ని ఎక్కడికి పంపాలి అంటే నిలువు శాతం కావాలి. సగం మహబూబాబాద్‌కే వెళ్లాలి. ఏ జిల్లా ఆడవాళ్లు పొగలో ఎక్కువగా మగ్గుతున్నారు, ఎక్కడ గ్యాస్ అందడం లేదు అంటే అడ్డు శాతం చూడాలి. అప్పుడు ముందు నిలిచేది భూపాలపల్లి.

మన భాషలో ఈ తేడాను పట్టిచ్చే అక్షరం ఒకటుంది. అది ‘లో’. “కట్టెల పొయ్యి వాడేవాళ్లలో మహబూబాబాద్ వాళ్లు 50 శాతం” అన్నప్పుడు ‘లో’ వాడేవాళ్లకు తగిలింది, కాబట్టి వంద అంటే వాళ్లే. “భూపాలపల్లి ఇళ్లలో కట్టెల పొయ్యి ఉన్నవి 50 శాతం” అన్నప్పుడు ‘లో’ జిల్లా ఇళ్లకు తగిలింది, వంద అటు మారింది. చిక్కంతా “మహబూబాబాద్‌లో కట్టెల పొయ్యి వాడేవాళ్లు 50 శాతం” అనే వాక్యంతో వస్తుంది. ఇక్కడి ‘లో’ ఊరిని చూపిస్తోందా, వందను చూపిస్తోందా? రాసినవాడికి ఊరు, చదివినవాడికి వంద. పట్టికలో 40 ఉన్నచోట పాఠకుడికి 50 అందింది. పత్రికల్లో రోజూ కనిపించే వాక్యం ఇదే. అందుకే నా దగ్గర పనిచేసేవాళ్లను “ప్రతి వంద ఇళ్లలో” అని విడదీసి రాయమంటాను. వాక్యం పొడుగవుతుంది, అవనీయండి.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కిందట రైతుల అప్పుల మీద ఒక సంస్థకు నివేదిక రాశాను. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చినవాళ్లలో ఎక్కువమంది సొంత భూమి ఉన్నవాళ్లే అని మొదటి పేజీలోనే పెట్టాను. పట్టికలో అలాగే ఉంది, అంకె తప్పు కాదు. అది చదివిన సంస్థవాళ్లు కౌలుదారులకు ఈ బాధ అంతగా లేదనుకుని, వాళ్లను పక్కన పెట్టి పథకం తయారు చేశారు. మా శాంపిల్‌లో కౌలుదారులు కొద్దిమందే. కొద్దిమంది కాబట్టి అప్పు తెచ్చినవాళ్ల వరుసలో వాళ్ల వాటా చిన్నదిగా కనిపించింది. అదే పట్టికను అడ్డంగా చదివితే ఆ కొద్దిమందిలో దాదాపు అందరూ వడ్డీ వ్యాపారి గడప ఎక్కినవాళ్లే. భూమి ఉండటం, లేకపోవడం అప్పు దారిని ఎలా మారుస్తోందన్నది మా ప్రశ్న. అలాంటప్పుడు ఏది కారణమని అనుమానిస్తున్నామో ఆ వర్గాన్ని వందగా పెట్టుకోవాలి. అంటే కౌలుదారులు ఒక వంద, సొంతదారులు ఒక వంద, అప్పుడే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. నేను ఫలితాన్ని వందగా పెట్టాను. నాకు ఆ సంగతి చెప్పింది ఒక కౌలు రైతే. “మమ్మల్ని లెక్కల పెట్టలేదా సారూ?” అన్నాడు. పెట్టాను, కానీ తప్పు వందలో పెట్టాను.

నిజమైన అంకెల్లోనూ ఈ తలకిందులు చూడొచ్చు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక 2011 జనగణన అంకెలను కొత్త సరిహద్దులకు సర్దారు. వాటి ప్రకారం మహబూబాబాద్ జిల్లాలో వందమందిలో దాదాపు 38 మంది షెడ్యూల్డ్ తెగలవాళ్లు. తండాలూ గూడేలూ తిరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. రాష్ట్రంలో ఇంత ఎక్కువ శాతం ఉన్న జిల్లా అదే. భద్రాద్రి కొత్తగూడెంలో శాతం అంతకంటే కొంచెం తక్కువ, వందకు 37 దాకా. ఇది అడ్డు చదువు. ఇప్పుడు రాష్ట్రంలోని గిరిజనులందరినీ వంద చేసి నిలువుగా చదివితే క్రమం మారిపోతుంది. మహబూబాబాద్ జనాభా 7.7 లక్షలు, అందులో గిరిజనులు 3 లక్షలకు కాస్త తక్కువ. కొత్తగూడెం జనాభా 10 లక్షలు దాటుతుంది, గిరిజనులు 4 లక్షలకు కాస్త తక్కువ. కాబట్టి రాష్ట్ర గిరిజనుల్లో కొత్తగూడెం వాటా పెద్దది, మహబూబాబాద్‌ది వందకు సుమారు 9. “గిరిజనులు ఎక్కువగా ఉన్న జిల్లా ఏది?” అని పోటీ పరీక్షలో అడిగితే, ఎక్కువ అంటే శాతమా సంఖ్యా అన్నది చెప్పకుండా జవాబు రాయలేం.

జనగణనలో అందరినీ లెక్కపెట్టారు కాబట్టి అడ్డంగానూ చదవొచ్చు, నిలువుగానూ చదవొచ్చు. సర్వేకు ఆ స్వేచ్ఛ అన్నివేళలా ఉండదు. శిక్షణ రెండో రోజు పూర్తిగా దీని మీదే గడిపాను.

బోర్డు మీది పట్టికనే తీసుకుందాం. అందులో ఇళ్లను జనాభా దామాషాలో తిరిగామనుకోండి. ఈసారి జనాభాను పట్టించుకోకుండా మూడు జిల్లాల్లోనూ తలా 300 ఇళ్లు తిరిగాం. ఊళ్లలో ఏమీ మారలేదు, అవే పొయ్యిలు, అవే ఇళ్లు. జనగామలో 25 శాతం అంటే 75 ఇళ్లు, మహబూబాబాద్‌లో 40 శాతం అంటే 120, భూపాలపల్లిలో 50 శాతం అంటే 150. అడ్డు శాతాలు చెక్కుచెదరలేదు. నిలువు మొత్తం మాత్రం 345 అయింది, అందులో భూపాలపల్లి వాటా 43 శాతం దాటింది. మొదటి పట్టికలో అది 25. మహబూబాబాద్ 50 నుంచి 35కు దిగింది. పొయ్యిలు పంచే లారీ ఇప్పుడు భూపాలపల్లి వైపు తిరుగుతుంది. తిప్పింది అక్కడి పరిస్థితి కాదు, అక్కడ ఎన్ని ఇళ్లు తిరగాలో మేము ఆఫీసులో కూర్చుని తీసుకున్న నిర్ణయం.

ఇది ఊహించి చెప్పే సంగతి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019లో తెలంగాణలో జరిగింది. 27,351 ఇళ్లు తిరిగారు. 31 జిల్లాలకు భాగిస్తే సగటున జిల్లాకు సుమారు 880 ఇళ్లు. ప్రతి జిల్లాకూ విడిగా నమ్మదగిన అంచనా రావాలన్నది ఆ సర్వే ఉద్దేశం కాబట్టి శాంపిల్‌ను జనాభా దామాషాలో పంచలేదు. అందుకే ఆ జిల్లా నివేదికల్లో ఉన్నవన్నీ ఆయా జిల్లాను వందగా పెట్టుకున్న శాతాలే. వాటి ముడి డేటాను దించుకుని “రాష్ట్రంలోని ఫలానా వాళ్లలో భూపాలపల్లి వాటా ఇంత” అని నిలువుగా లెక్కగట్టిన వ్యాసాలు నా కంట పడ్డాయి. వెయిట్లు వేయకుండా కడితే ఆ అంకెకు అర్థం లేదు. ఇంకో మెలిక ఏమిటంటే ఆ సర్వే 2017 మార్చి నాటి జిల్లాలను తీసుకుంది. ములుగు విడిపోయింది 2019 ఫిబ్రవరిలో. కాబట్టి అందులో భూపాలపల్లి అంటే ములుగు కూడా కలిసిన పాత జిల్లా. వందలో ఎవరున్నారో తెలియాలంటే సరిహద్దు కూడా చూసుకోవాలి.

వెయిట్ అంటే భయపడాల్సిన పని లేదు. జనగామలో 400 ఇళ్లకు బదులు 300 తిరిగాం కాబట్టి అక్కడి ఒక్కో ఇల్లు 400/300 ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. మహబూబాబాద్ ఇల్లు 500/300, భూపాలపల్లి ఇల్లు 200/300. 75, 120, 150లను వీటితో హెచ్చిస్తే మళ్లీ 100, 200, 100 వస్తాయి. నిలువు శాతాలు తిరిగి 25, 50, 25. ఆ డోర్నకల్ అమ్మాయి ఇది తన నోట్‌బుక్‌లో రెండుసార్లు చేసి చూసుకుంది.

కంప్యూటర్ ఈ విషయంలో మనకు సాయపడదు. ఎక్సెల్ పివట్ టేబుల్‌లో Show Values As నొక్కితే % of Column Total, % of Row Total ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఏది నొక్కినా చక్కటి పట్టికే వస్తుంది, ఎర్రగీత ఏదీ పడదు. ఎవరో పంపిన పట్టిక చేతికొస్తే నేను మొదట వెతికేది 100 ఎక్కడుందని. కుడి చివర నిలువునా 100లు ఉంటే అడ్డు శాతాలు, అడుగున వరుసగా ఉంటే నిలువు శాతాలు. 100లు తీసేసి పంపితే రెండు మూడు వరుసలు నేనే కూడుతాను. ఎటు కూడినా వంద రాకపోతే, ఒకరు రెండు మూడు జవాబులు చెప్పే ప్రశ్న అయ్యుండొచ్చు, లేదా ఎక్కడో “తెలియదు” అన్నవాళ్లను తీసేసి ఉండొచ్చు. అప్పుడు పంపినవాళ్లకు ఫోన్ చేస్తాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో సర్వేలు చేసి పత్రికలకు అంకెలు పంపే మిత్రులకు ఒక విన్నపం. శాతం పక్కన ఆ వంద ఎవరో, వాళ్లు మొత్తం ఎందరో రాయండి, ఎన్ని ఇళ్లు తిరిగారో జిల్లాల వారీగా రాయండి. ఆ రెండూ ఉంటే, మీరు పొరపాటున నిలువుగా చదివినా, అడ్డంగా చదవాల్సిన పాఠకుడు తనంతట తానే లెక్క కట్టుకోగలడు.