బిగిస్తే ఆగే లీకు కాదు

లైసెన్సున్న విమాన ఇంజనీరు మిత్రుడొకరు తన మేనేజరుకు రాసిన ఉత్తరం చూపించాడు. అరపేజీ. కోపం లేదు, నీతిబోధ అసలే లేదు. "మేనేజరు గారికి, చక్రాలు ముడుచుకునే అరలో హైడ్రాలిక్ గొట్టం జాయింటు కారుతోందని లాగ్‌బుక్కులో మూడుసార్లు రాశారు. మూడుసార్లూ నట్టు బిగించి, ఆయిల్ నింపి పంపాం" అని మొదలవుతుంది.

అసలు పనితనం తరువాతి వాక్యాల్లో ఉంది. పంపు ఆపి చూస్తే చుక్కలు మాన్యువల్ ఇచ్చిన పరిమితిలోనే ఉన్నాయని దాచకుండా ఒప్పుకున్నాడు. పంపు వేసి 3000 పీఎస్‌ఐ ఒత్తిడి ఎక్కించగానే మాత్రం ఊదారంగు ఆయిల్ సన్నగా ధార కట్టింది. బిగించినప్పుడల్లా ఆగి, నాలుగు ట్రిప్పులు తిరక్కముందే మళ్లీ మొదలవుతోందంటే తప్పు నట్టుది కాకపోవచ్చు. గొట్టం చివర విప్పార్చిన అంచులో పగులుండొచ్చు, ఇంకా బిగిస్తే అది పెరుగుతుంది. ఈ తర్కం నాకు భలే నచ్చింది.

"గొట్టం మార్చి, పూర్తి ఒత్తిడిలో లీకు పరీక్ష చేశాక సంతకం పెడతాను. అంతవరకు రిలీజ్ సర్టిఫికెట్ ఇవ్వలేను." సంతకం ఎప్పుడు పెడతాడో కూడా చెప్పేశాడు కదా, ఇక మేనేజరు వాదించడానికేం మిగల్లేదు, స్టోర్సుకు ఫోన్ చేయడం తప్ప.