ఒక్కసారి అనాల్సిన మాట

మా అన్నకొడుకు చిలకలూరిపేటలో ఒక ఎరువుల కొట్టు పైగదిలో అద్దెకుంటూ సెల్‌ఫోన్‌తో సేద్యం వీడియోలు తీస్తాడు. మిర్చి నారుమడి, పత్తిలో గులాబీరంగు పురుగు, గుంటూరు యార్డులో తేజ రకం ధర, ఇవీ వాడి సరుకు. అన్నీ నిమిషం, నిమిషంన్నర షార్టులే. పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేసి, "బాబాయ్, ఆత్మహత్య అనే మాట అనకుండా ఆత్మహత్య గురించి ఎట్టా చెప్పాలి?" అనడిగాడు.

నలభై ఏళ్లు పత్రికలకు వార్తలు రాసినవాణ్ని. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తెల్లారి బస్సెక్కి వెళ్లాను.

వాడు అప్పటికే ఆ సంగతి మీద రెండు వీడియోలు పెట్టి ఉన్నాడు. పక్క మండలంలో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసిన రైతు చనిపోయాడు. మొదటి వీడియోకి పేరు 'ఆ*హత్య' అని మధ్యలో చుక్క గుర్తుతో పెట్టాడు. మొదటి బొమ్మ పురుగుమందు డబ్బా, కంపెనీ పేరుతో సహా. ఆ తర్వాత రైతు రాసిన చీటీ దగ్గరగా, అక్షరాలు చదువుకునేలా. ఆపైన భార్య ఏడుపు. గంట తిరక్కుండానే ప్రకటనలు పరిమితం చేశామని యూట్యూబ్ నుంచి కబురొచ్చింది. మాట వల్లే దెబ్బ తగిలిందని వీడికి ఖాయమైపోయింది. దాన్ని తీసేసి రెండోది చేశాడు. అందులో ఆ మాట మచ్చుకైనా లేదు. "మన రైతన్న ఇక లేడు, తిరిగిరాని లోకాలకు వెళ్లిపోయాడు" అని వెనక సంగీతం. దానికి జనం బాగానే వచ్చారు. కింద వ్యాఖ్యలు చదివాను. "గుండెపోటా అన్నా?", "బండి మీద నుంచి పడ్డాడంట గదా?" ఒకాయన కరోనా టీకా దాకా వెళ్లాడు.

మూడో రోజు చనిపోయినాయన బామ్మర్ది మెట్లెక్కి వచ్చాడట. అరవలేదట. "ఎట్టా పోయాడో చెప్పకుండా పోయాడంటే, రేపు ఆఫీసులో వాళ్లు కూడా అదే అంటారయ్యా" అని మాత్రం అన్నాడట.

ఆయన మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి సాయం చేయాలని ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉత్తర్వు వచ్చింది. అప్పుడు మొత్తం లక్షన్నర. ఆంధ్రప్రదేశ్‌లో అది తర్వాత 5 లక్షలై, 2019లో 7 లక్షలైంది. ఆ డబ్బు చేతికి రావాలంటే డివిజన్‌లో ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కూర్చుని రెండు సంగతులు తేల్చాలి: అది ఆత్మహత్యేనా, కారణం సేద్యం అప్పులేనా. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం నివేదిక, అప్పు కాగితాలు, కౌలుదారైతే పంట సాగుదారు హక్కు కార్డు. ఆ కార్డుకు భూమి ఆసామి సంతకం కావాలి. ఆసామి చాలాచోట్ల పెట్టడు. కాబట్టి కౌలురైతు బతికుండగా కాగితం మీద రైతే కాడు. పోయాక ఎట్టా పోయాడన్నది కూడా ఊళ్లో మసకబారితే, ఇంటివాళ్ల చేతిలో మిగిలేది ఏమీ లేదు. షార్టు సాక్ష్యం కాదు, నిజమే. కానీ ఊరు ఏం చెప్పుకుంటుందో విచారణకు వచ్చినవాళ్లు వింటారు, ఊరు ఇప్పుడు సెల్‌ఫోన్‌లో చూసిందే చెప్పుకుంటుంది.

మాటలు దాచడం మనకు కొత్త కాదు. ఈ నల్లరేగడి ఊళ్లలో 'మందు' అంటే ఒకటే మాట, నాలుగు సరుకులు: ఒంట్లో బాగోకపోతే వేసుకునేదీ మందే, సాయంత్రం కొట్లో దొరికేదీ మందే, చేలో పిచికారీ చేసేదీ మందే, మా వైపు కొందరు ఎరువును కూడా మందనే అంటారు. "ఫలానావాడు మందు తాగాడంట" అని పొద్దున్నే వినపడితే అది ఏ మందో ఎవరూ అడగరు, గొంతులోనే తెలిసిపోతుంది. పత్రికల్లో మేం 'బలవన్మరణం', 'అఘాయిత్యం' అని రాసేవాళ్లం. అవి దాచే మాటలే గాని, చదివినవాడికి అర్థం మిగిల్చేవి. టిక్‌టాక్‌లో అమెరికా పిల్లలు అలవాటు చేసిన 'అన్‌అలైవ్' లాంటిదీ మొదట అంతే. టిక్‌టాక్ మన దేశంలో 2020 జూన్‌లో పోయింది, అదే ఏడు సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను ముందు ఇక్కడే మొదలుపెట్టారు, చుక్కలు పెట్టే అలవాటు మాత్రం ఆగలేదు. నాకు చుక్క గుర్తు మీద గౌరవం లేదు. డబ్బా బొమ్మ చూసి గుర్తుపట్టగల యంత్రానికి అక్షరం మధ్యలో చుక్క అడ్డమా? మోసపోయేది చదివేవాడే, వెతికేవాడికి ఆ వీడియో దొరకదు కూడా.

వాణ్ని కూర్చోబెట్టి యూట్యూబ్ వాళ్లు బయటపెట్టిన ప్రకటనల నిబంధనలు చదివించాను. (వాడు మూడేళ్లుగా ఆ పని మీద బతుకుతూ అవి ఒక్కసారీ చదవలేదు. నేను ప్రెస్ చట్టం చదవకుండా పాతికేళ్లు గడిపాను గనక ఏమీ అనలేదు.) నిషిద్ధ పదాల పట్టిక అందులో ఎక్కడా లేదు. పేరు, పైబొమ్మ, వివరణ, ట్యాగులు, లోపలి వీడియో అన్నీ కలిపి చూస్తామంటారు. ఆత్మహత్య వివాదాస్పద, సున్నిత విషయాల కింద వస్తుంది. దాటిపోతూ ఒకసారి ప్రస్తావించడం వేరు, అదే వీడియోకి కేంద్రం కావడం వేరు. ఇంతకాలం కేంద్రమైతే చాలు, చూపించినా చూపించకపోయినా ఆదాయానికి కోత పడేది. 2026 జనవరిలో దాన్ని కొంత సడలించి, భయానక వివరాలు లేకుండా ఉంటే ప్రకటనలు ఇస్తామన్నారు. అది ప్రకటనల సంగతి. ఇక వీడియోనే తీసేసే నిబంధనలు వేరేగా ఉన్నాయి: ఎలా చేసుకోవాలో చెప్పడం, దాన్ని గొప్పగా చూపడం, చనిపోయినవాళ్ల చీటీలు పెట్టడం. ప్రకటన పోవడానికీ వీడియో పోవడానికీ తేడా తెలియక అందరూ రెండింటికీ ఒకే భయంతో మాటలు మింగుతున్నారు.

ఇప్పుడు వాడి మొదటి వీడియో తీసుకోండి. డబ్బా, కంపెనీ పేరు, చీటీ. ఆ మూడింటినీ ప్రెస్ కౌన్సిల్ 2019లో పత్రికలకు చెప్పిన దాని పక్కన పెట్టి చూస్తే సిగ్గేసింది, వాడి మీద కాదు. చనిపోయిన పద్ధతి వివరించొద్దు, ఫొటోలూ వీడియోలూ వాడొద్దు, సంచలనం చేసే శీర్షిక పెట్టొద్దు అని అందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే మాట 2000 నుంచి చెబుతోంది, కారణం ఒకటే: పద్ధతి విన్నవాళ్లలో అప్పటికే అంచున ఉన్నవాడు ఉంటాడు. 1987-88లో తెల్లదోమ వచ్చి ప్రకాశం, గుంటూరు పత్తి మట్టికొట్టుకుపోయినప్పుడు నేను కొత్త విలేకరిని. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొట్టినకొద్దీ దోమ పెరిగింది, అప్పు పెరిగింది, రైతులు చనిపోయారు. మేం ఏం రాశాం? మందు పేరు రాశాం. ఎంత తాగాడో రాశాం. ఏ చెట్టు కింద దొరికాడో రాశాం. అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి అన్నది చాలాసార్లు రాయలేదు, ఎందుకంటే ఆ షావుకారే మా పత్రిక ఏజెంటు అయ్యే ఊళ్లు ఉండేవి. దాచాల్సింది చెప్పి, చెప్పాల్సింది దాచాం.

అందుకని మూడో వీడియో ఇద్దరం కలిసి రాశాం, నిమిషంన్నర. పేరులో ఆ మాట పెట్టలేదు: 'నాలుగెకరాల మిర్చి కౌలు, ఒక లెక్క' అన్నాం. పైబొమ్మ దున్నేసిన చేను. మొదటి నలభై సెకన్లూ లెక్కే. కౌలు ముందే కట్టాలి, అదీ నగదు. నారు, కూలీ, కలుపు. ఆ తర్వాత పూతలో నల్ల తామర పురుగు. 2021లో ఈ పురుగు మన వైపు మిర్చి మీద విరుచుకుపడిన సంగతి చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు, పూవులోపల దాక్కుంటుంది, పూత రాలిపోతుంది, కాసిన కాయ వంకర తిరిగి తాలు అవుతుంది. కొట్టువాళ్లు ఇచ్చిందల్లా కొట్టారు. కొట్టులో ఖాతా, బయట నోటు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. ఆ నోటు బొమ్మ చూపించాం, పేర్లు చెరిపి.

అప్పుడు, సరిగ్గా ఒకసారి: "ఈ అప్పు తీరే దారి కనపడక ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు." మామూలు గొంతుతో. సంగీతం లేదు. "రైతన్న" అనలేదు, "పిరికివాడు" అనలేదు. ఎట్టా, ఎక్కడ అన్నది లేదు. ఆ వాక్యం దగ్గర తెర మీద ఖాళీ కల్లం. తర్వాత వాక్యం ఆయన గురించి కాదు, భార్య అర్జీ గురించి: ఏ కాగితాలు కావాలి, ఏది లేదు. చివర్లో టెలీ మానస్ నంబరు 14416, తెర మీదా నోటితోనూ.

ఆ వాక్యం నలభయ్యో సెకనులో ఎందుకంటే, ఇది నా సొంత లెక్క, మొదట్లోనే పెడితే అది ఎర అవుతుంది. లెక్క విన్నవాడికి అది ఫలితంగా వినపడుతుంది. మావాడు కనీసం 'ప్రాణం తీసుకున్నాడు' అందామన్నాడు. తప్పేం లేదు, తెలుగులో అది చక్కని మాట. అర్జీలో రాసే మాట 'ఆత్మహత్య' గనక ఇక్కడ వద్దన్నాను. వేరేచోట అది అనొచ్చు.

ఆదాయం సంగతి అడుగుతారు గనక చెబుతాను. షార్టుల ప్రకటనల డబ్బు వీడియోకింత అని రాదు. వరసలో వీడియోల మధ్య వచ్చే ప్రకటనల సొమ్మంతా ఒక కుప్పగా పోసి, చూసినవాళ్ల లెక్క ప్రకారం పంచి, తీసినవాడి వాటాలో నూటికి 45 ఇస్తారు. 2023 ఫిబ్రవరి నుంచి ఇదీ ఏర్పాటు. సేద్యం షార్టు ఒకటి ఎంత బాగా పోయినా వచ్చేది టీ ఖర్చు లాంటిది. ఆ టీ డబ్బుల కోసం మనిషి చావుని 'తిరిగిరాని లోకాలకు' పంపడం గిట్టుబాటు కాదని మావాడికి కాగితం మీద వేసి చూపిస్తే ఒప్పుకున్నాడు. వాడి అసలు భయం వేరు: ఒక వీడియోకి దెబ్బ తగిలితే ఛానల్ మొత్తానికీ తగులుతుందేమోనని. దానికి నా దగ్గర జవాబు లేదు. అనుమానమున్న వీడియోని ఎక్కించేటప్పుడు అడిగే ప్రశ్నలకు నిజం చెప్పు, ఆపితే మనిషి చేత చూపించమని అడుగు, అంతవరకే చెప్పగలిగాను.

మూడోదానికి జనం రెండోదానంత రాలేదు. వ్యాఖ్యలు మారాయి. "నోటు మీద సాక్షి సంతకం ఉందా?", "కార్డు లేకపోతే ఆర్డీవో దగ్గర ఏం చూపించాలి?" బామ్మర్ది దాన్ని తన ఫోన్‌లోకి పంపించుకున్నాడట.

బస్సెక్కబోతుంటే మావాడు కిటికీ దగ్గరికొచ్చాడు. "బాబాయ్, మరి మందు అనే మాట అనొచ్చా?"

"ఎన్నిసార్లు కొట్టాడురా చేనికి?"

"పద్దెనిమిది సార్లంట."

"అక్కడ అను."