పాదం దాటిన వాక్యం

పదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు ఇంగ్లీషు పాఠంలో ‘ఎన్‌జాంబ్‌మెంట్’ అన్న మాట చూసి అర్థమేమిటని అడిగింది. వాక్యం పాదం చివర ఆగకుండా కింది పాదంలోకి సాగిపోవడం, అన్నాను. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. అందులో కాలు ఉంది: అంగ వేసి దాటడం అని అర్థం. నిర్వచనం అంతే. కానీ దాటితే ఏమొస్తుందో చూడాలంటే ఒక ఉదాహరణ కావాలి. అప్పటికప్పుడు నేనే రాసిచ్చాను:

నాన్న ఊరినుంచి వచ్చాడు
అనుకుని తలుపు తీశాను.
గాలి.

మొదటి పాదం చదవగానే నాన్న వచ్చేశాడు. క్రియ పడింది, వాక్యం పూర్తయిందనే అనుకుంటాం. రెండో పాదంలో ‘అనుకుని’ రాగానే ఆ రాక ఉత్త ఊహ అయిపోతుంది. తలుపు తీసిన పిల్లవాడు ఎలా మోసపోయాడో, చదివేవాళ్ళూ అలాగే మోసపోయారు. ఇప్పుడు అవే మాటలు ఇలా రాసి చూడండి:

నాన్న ఊరినుంచి వచ్చాడనుకుని
తలుపు తీశాను.
గాలి.

అర్థం మారలేదు. కానీ నాన్న ఒక్క క్షణం కూడా రాలేదు. మామూలుగా మాట్లాడేటప్పుడు ‘వచ్చాడు’, ‘అనుకుని’ కలిసి ‘వచ్చాడనుకుని’ అయిపోతాయి. మొదటి రూపంలో పాదం విరుపు ఆ సంధిని ఆపింది. ఆ కాస్త సందులోనే ఆశ నిలబడింది. చదివేటప్పుడు కూడా అక్కడ పూర్తిగా ఆగకూడదు, పరిగెత్తకూడదు. రవ్వంత తటపటాయిస్తే చాలు.

మన పద్యాలకి ఇది కొత్త కాదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. అవి నిండేసరికి మాట సగంలో ఉన్నా, మిగతా సగం కింది పాదంలోకి వెళ్తుంది. అయితే అక్కడ ఎక్కడ విరగాలో ఛందస్సు చెబుతుంది. వచన కవితలో చెప్పేవాళ్ళు లేరు, కాబట్టి ప్రతి విరుపుకీ కవే జవాబుదారీ. చిక్కంతా ఇక్కడే. ఈ రెండు పాదాలు చూడండి:

నేను నిన్న బడికి
వెళ్ళి పుస్తకం తెచ్చుకున్నాను

ఇక్కడా వాక్యం పాదం దాటింది, కాబట్టి పరీక్షలో ఇదీ ఎన్‌జాంబ్‌మెంటే. కవితలో మాత్రం ఎంటర్ నొక్కడం తప్ప ఏమీ జరగలేదు. ‘బడికి’ దగ్గర మనం ఏదీ ఊహించలేదు, ‘వెళ్ళి’ దగ్గర ఏదీ తారుమారు కాలేదు.

తేడా పట్టుకోవడానికి నేను చేసే పని ఒకటే. పాదాలన్నీ కలిపి వచనంలా ఒకే వరసలో రాసుకుని మళ్ళీ చదువుతాను. ఏదైనా పోయిందనిపిస్తే, పోయినదేదో అదే ఆ విరుపు చేసిన పని. ఏమీ పోకపోతే, అది విరవాల్సిన చోటు కాదు.